చెంబెడు పనీరు నీళ్లు

నాయిన పనీరు చేసేవాడు. మేడ్చల్‌లో రైలు పట్టాలకు ఇవతల మా ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. షామీర్‌పేట వైపు ఊళ్ల నుంచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి పాల క్యాన్లు వచ్చేవి. నాయిన ఆ పాలు మరిగించి, నిమ్మఉప్పు నీళ్లు పోసి విరగ్గొట్టి, బట్టలో మూటగట్టి, బండ కింద నొక్కి, నిజామాబాద్ రోడ్డు మీది దాబాలకు వేసేవాడు. ఆయన పనీరు ముక్క నూనెలో వేయించినా నాలుగు మూలలు చెక్కు చెదరవని దాబా వంటవాళ్లు అనేవారు. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవాడు, నాకు చెప్పేవాడు, కాసేపాగి మళ్లీ అమ్మకే చెప్పేవాడు.

నేను బరువులెత్తేదాన్ని. మాట వరసకు కాదు, నిజంగానే. డిగ్రీ చదివే రోజుల్లో సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక సెల్లారులో జిమ్ ఉండేది. ఒక మూలన చెక్క పలకలు పరిచి, వాటి మీద ఇనుప రాడ్డు, చక్రాలు. మాకు నేర్పే సారు ఒకప్పుడు తానూ పోటీల్లో ఎత్తినవాడే, మోకాలు పాడై మానేశాడు. రోజూ కాలేజీ అయ్యాక అక్కడ రెండు గంటలు ఎత్తి, మేడ్చల్ బస్సు పట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. ఆడపిల్లకు ఇదేం పోయేకాలమని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. మా మేనత్త అయితే మొహం మీదే అడిగింది. నాయిన ఆమెకు చెప్పిన జవాబు నాకింకా చెవిలోనే ఉంది.

"చిన్నగున్నప్పటి సంది పాల క్యాన్లు ఎత్తుతనే ఉన్నది గదా అక్కా. అప్పుడు ఎవ్వరేమన్లే. ఇప్పుడు గా క్యాను బదులు ఇనుము ఎత్తుతాంది, గంతే."

ఆ ఏడు రాష్ట్ర జట్టుకు ఎంపిక ఉంది. యాభై ఎనిమిది కిలోల విభాగంలో నేను. రాడ్డును ముందు భుజాల మీదికి లాగి, అక్కడి నుంచి తల మీదికి ఎత్తాలి. అందులో ఎనభై కిలోలు ఎత్తితే జట్టులో చోటు ఖాయమని సారు లెక్క. నేను డెబ్బై రెండున్నర దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయాను. చేతిలో ఆరు నెలలు ఉన్నాయి. ఆ ఎనభై కోసం నేను పొద్దున లేస్తూనే పళ్లు కొరుక్కునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ అప్పుడు నా బతుకంతా ఆ ఏడున్నర కిలోల్లోనే ఉందనుకున్నాను.

ఒకరోజు సారు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తిండి గురించి చెప్పాడు.

"పాలల్ల రెండు తీర్ల ప్రోటీన్ ఉంటదమ్మా. ఐదు వంతులు అనుకుంటే నాలుగు వంతులు కేసీన్, ఒక్క వంతు వే. కేసీన్ కడుపుల పడంగనె ఆడున్న యాసిడ్‌కు గడ్డ కడ్తది. గడ్డ ఒక్కసారి కరగదు గదా, ఆరేడు గంటలు కొంచెం కొంచెం ఇడుస్తది. వే గడ్డ కట్టదు. జల్దీ దిగిపోతది, గంట లోపట్నే నెత్తుర్ల కలుస్తది, మూడు నాలుగు గంటలల్ల అయిపోతది. బరువులెత్తినంక కండ ఆకలి మీద ఉంటది. అప్పుడు వే తాగాలె. పండేముందు కేసీన్ తినాలె, అది రాత్రంత కండను కరగనియ్యదు."

"వే ఏడ దొర్కుతది సార్?"

"డబ్బాలల్ల పొడి వస్తది. పాలు ఇరగ్గొట్టినంక మిగిలిన నీళ్లల్లకెళ్లి తీస్తరు."

ఆ పొడి డబ్బా మా ఇంటికి అందేది కాదు. కానీ నాకు వినబడ్డది చివరి మాట ఒక్కటే. బస్సు దిగి పరుగున షెడ్డుకు వెళ్లి, మూట విప్పుతున్న నాయినతో ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. ఆయన చేతులు ఆగిపోయాయి. కాళ్ల దగ్గర, రోజూ లాగే, పసుపుపచ్చని నీళ్లు మోరీలోకి పోతున్నాయి.

"గీ నీళ్లేనా?" అన్నాడు. "పదిహేనేండ్ల సంది మోరీల పోస్తున్న గదా బిడ్డా."

అంత బాధ నేను ఆయన మొహంలో అంతకు ముందు చూడలేదు. తనకు తెలియకుండా కూతురి నోటికాడి ముద్దను మోరీలో పోశానని ఆయనకు అనిపించింది. మర్నాటి నుంచి షెడ్డులో కొత్త పద్ధతి మొదలైంది. మధ్యాహ్నం పాల నుంచి దిగిన నీళ్లను ఒక బగోనెలో పట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి సగం అయ్యేదాకా మరిగించేవాడు. చిక్కబడితే బలం ఎక్కువ ఉంటుందని ఆయన ఆలోచన. మరుగుతుంటే తెల్లటి పలుకులు ఏవో కాసిన్ని పైకి తేలేవి. నాయినకు పనిలో మురికి అంటే పడదు. పల్చటి బట్టతో వాటిని వడగట్టి పారేసి, తేటగా ఉన్న నీళ్లను చెంబులో పోసి, నేను వచ్చేసరికి గోరువెచ్చగా ఉండేట్టు పొయ్యి గట్టు మీద పెట్టేవాడు.

పుల్లగా, ఉప్పగా, చివర్లో కాస్త తియ్యగా ఉండేది. మొదటి వారం కడుపులో చేసిన గోల అంతా ఇంతా కాదు. పాలలోని చక్కెరంతా ఆ నీళ్లలోనే చిక్కబడి ఉంటుందని అప్పుడు నాకేం తెలుసు. అయినా ముక్కు మూసుకుని తాగేదాన్ని. నాయిన ఎదురుగా తిరగేసిన క్యాను మీద కూర్చుని, చెంబు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నా గొంతు వైపే చూసేవాడు. అది అయ్యాక ఆ రోజు ఎంత ఎత్తానో అడిగేవాడు. దాబాలకు సరుకు వేయడానికి లేటవుతున్నా లేచేవాడు కాదు. అంతకు ముందు మేమిద్దరం అలా రోజూ కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఆ పావుగంట అంటే నాకిప్పటికీ ప్రాణం. అప్పుడు మాత్రం కడుపు ఉబ్బరం తప్ప నాకేమీ పట్టలేదు.

మూడు నెలలు గడిచాయి. నేను డెబ్బై రెండున్నర దగ్గరే ఉన్నాను. ఒంటి బరువు కూడా ఒక్క అరకిలో పెరగలేదు. సారు తల గోక్కున్నాడు.

"వే తాగుతున్న అంటివి గదమ్మా. ఏ డబ్బా?"

"డబ్బా కాదు సార్. మా నాయిన పనీర్ నీళ్లు."

సారు నవ్వలేదు. అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. షామీర్‌పేట రోడ్డులో పాలు చల్లబరిచే కేంద్రం ఒకటి ఉంది. అక్కడ పాలలో వెన్న శాతం పరీక్ష చేసే మేడం ఆయనకు తెలుసు. ఒకసారి అడిగి చూడమన్నాడు. మర్నాడే ఒక సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లాను. ఆమె సీసా ఎత్తి వెలుతురులో చూసి, నాయిన ఎలా చేస్తాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంది.

"చూడమ్మా, మీ నాయన పాలు మసలంగ తెర్లిస్తడు గదా," అంది. "అంత కాకకు వే ప్రోటీన్ ఉన్నట్టు ఉండదు, ఇడివడి కేసీన్‌కు అతుక్కుంటది. నిమ్మఉప్పు పొయ్యంగనె రెండూ కలిసి పనీర్లకు పోతయి. పనీర్ గట్టిగ వచ్చేది గందుకే. ఈ నీళ్లల్ల మిగిలేది చక్కెర, ఉప్పులు. ఏదో చిటికెడు ప్రోటీన్ ఉంటే, అది మళ్ల మరిగిస్తె పలుకులై తేలింది, దాన్ని గూడ వడగట్టిండు. ఇందుల ఏం లేదమ్మా."

నాకు కోపం ఎక్కువని ముందే చెప్పాల్సింది. షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఆటోలో ఆ కోపాన్ని నేనే ఎగదోసుకుంటూ వచ్చాను. మూడు నెలలు. ఉబ్బిన కడుపుతో ఎత్తిన మూడు నెలలు. షెడ్డులోకి వెళ్లేసరికి ఖాళీ క్యాన్ల కోసం ఆగిన పాలవాళ్లు ఇద్దరు ఉన్నారు. నాయిన వాళ్లతో మాట్లాడుతూనే చెంబు అందించాడు. నేను అందుకోలేదు.

"గా నీళ్లల్ల ఏం లేదంట నాయినా. ఏం లేదు. మూడు నెలలు నన్ను ఉత్త నీళ్లు తాగిచ్చినవ్. నీకు పనీర్ జేసుడొస్తది, పనీర్ జేస్కో. నా సంగతి నీకెందుకు?"

పాలవాళ్లు క్యాన్లు సర్దుకున్నారు. నాయిన చెంబు గట్టు మీద పెట్టాడు. కోప్పడలేదు. పనివాడు పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"మరి నీళ్లల్ల లేకపోతె యాడికి పోయింది?"

"పనీర్ల. పాలు తెర్లిస్తె అండ్లనే పోతదంట."

"తెర్లిస్తె," అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు నేను షెడ్డు వైపు వెళ్లలేదు. మూడో రోజు సాయంత్రం నాయినే ఇంట్లోకి వచ్చి నన్ను పిలిచాడు. ఆయన చేతిలో గాజు కడ్డీ ఉంది. పాలలో వేడి చూసే థర్మామీటరు. పదిహేనేళ్లుగా వేలు ముంచి కాక తెలుసుకున్న మనిషి చేతిలో అది వింతగా కనిపించింది. స్కూటరు వేసుకుని తానే షామీర్‌పేట మేడం దగ్గరికి వెళ్లి అడిగి తెచ్చుకున్నాడట. పాలను మరగనివ్వకుండా, అరవై మూడు డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, కొంచెం చల్లారనిచ్చి విరగ్గొట్టాడు. అంత తక్కువ కాకకు పాలు తొందరగా విరగవు. రోజూ పోసే దానికంటే నిమ్మఉప్పు నీళ్లు ఎక్కువ పోయాల్సి వచ్చింది. దిగిన నీళ్లు కొద్దిగా ఆకుపచ్చ రంగులో ఉన్నాయి.

"సూడు," అని ఒక గరిటెడు నీళ్లు చిన్న గిన్నెలో పోసి మంట మీద పెట్టాడు. కాగుతుంటే ఆ నీళ్లు తెల్లబడి, ఎన్నో పలుకులు మబ్బుగా కమ్ముకున్నాయి. ముందు నీళ్లలో తేలిన చిటికెడు ఎక్కడ, ఇది ఎక్కడ.

"గిదేనంట నీ వే. కాకకు గిట్ల ఇరుగుతదంట. కాక పెట్టలేదు గన్క నీళ్లల్లనే ఉన్నది. తాగు బిడ్డా."

తాగాను. చెంబు కింద పెట్టి ఆ రోజు ఎంత ఎత్తానో నేనే చెప్పాను. క్షమించమని అడగలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఉంటే బాగుండేది.

మిగిలిన మూడు నెలలూ మధ్యాహ్నం పాలన్నీ అలాగే విరిగాయి. నీళ్లు బాగుపడ్డాయి కానీ పనీరు చెడింది. వే లేని ఉత్త కేసీన్ మెత్తగా, పట్టు లేకుండా వచ్చేది. ఎంత బండ పెట్టినా కోస్తే చిట్లేది. ఒకరోజు పెద్ద దాబా ఆయన స్వయంగా మా షెడ్డుకు వచ్చాడు.

"ఏంది భాయ్, నీ పనీర్ గిట్లైంది? కూరల ఏస్తె పొడి పొడి అయితాంది. గిరాకీ తిడ్తున్నరు."

నాయిన చెప్పొచ్చు, మా బిడ్డ కోసం ఇలా చేస్తున్నానని. చెప్పలేదు. "పాలు తేడా వస్తున్నయి సేటు," అన్నాడు. నాలుగు మూలలు చెదరని పనీరు చేసే మనిషి, తన చేతి పనిని తానే తక్కువ చేసుకుని, నేరం పాల మీదికి నెట్టాడు. పక్కనే నిలబడి విన్నాను. ఈ పద్ధతి ఆపమని అనాల్సింది. కానీ అప్పటికి నేను డెబ్బై ఐదు ఎత్తాను. నా నోరు లేవలేదు.

ఆ తర్వాత పెద్ద దాబా సరుకు ఆపేసింది, మిగతా దాబాలకు పొద్దున పనీరు మాత్రమే పోయేది. చిట్లిన మధ్యాహ్నం పనీరు ఇంట్లోనే మిగిలేది. దాన్ని అమ్మ కాస్త ఉప్పు, జీలకర్ర వేసి పొడి పొడిగా వేయించేది. పడుకునే ముందు పెద్ద గిన్నెడు నా ముందు పెట్టేవారు. "గిది మెల్లగ అరుగుతదంట, రాత్రంత పని జేస్తదంట," అని నాయిన రోజూ అప్పజెప్పేవాడు, నాకు తెలియనట్టు. నేను తినలేనంటే మాత్రం మొహం మారేది. నీళ్లు ఒక గుక్క తక్కువ తాగినా ఊరుకునేవాడు. గిన్నె మాత్రం ఖాళీ కావాలి. అది నాకు వింతగా తోచలేదు. అన్నం వదిలేస్తే కోప్పడే తండ్రి లాంటిదే అనుకున్నాను.

ఎంపిక రోజు నేను మూడో ప్రయత్నంలో ఎనభై ఎత్తాను. మోచేతులు వణికాయి కానీ నిలిచాయి. ఎత్తు చెల్లిందని తెల్ల దీపాలు వెలిగాయి. సారు కుంటుకుంటూ వచ్చి వీపు మీద చరిచాడు. నాయిన ప్రేక్షకుల్లో చివర, పనికి వేసుకునే చొక్కాతోనే, రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటికి తిరిగి వస్తూ బస్సులో పక్క సీటులో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషితో, "మా పనీర్ నీళ్లు తాగి ఎత్తింది," అని చెప్పాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ సిగ్గుపడ్డాను, సంతోషపడ్డాను.

ఆ తర్వాత జాతీయ పోటీల్లో ఎక్కడో కింద మిగిలాను. ఆ వెనకే భుజం నొప్పి, ఉద్యోగం, పెళ్లి. పెద్ద దాబా మళ్లీ మా పనీరు తీసుకోలేదు. నాయిన మరిగించే పద్ధతికి తిరిగి వచ్చాడు, మూలలు మళ్లీ నిలిచాయి, కానీ ఆ సేటు అప్పటికే వేరే చోట కుదుర్చుకున్నాడు. నాయిన ఆ మాట ఎత్తలేదు. కొన్నేళ్లకు గుండె ఆగి, షెడ్డులోనే, పని మధ్యలోనే పోయాడు.

ఆయన పోయిన ఏడాదికి థర్మామీటరు తిరిగి ఇద్దామని షామీర్‌పేట వెళ్లాను. మేడం తల నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. ఎనభై సంగతి సారు చెప్పాడట. నేను గొప్పగా, నాయిన మాటే నా మాటగా, ఆ నీళ్ల బలమే మేడం అన్నాను. ఆమె చేతిలోని పరీక్ష సీసా పక్కన పెట్టింది.

"మీ నాయన చెప్పలేదా?"

"ఏంది మేడం?"

"మంచిగ చేసిన నీళ్లల్ల గూడ లీటరుకు ఆరు గ్రాములే ఉంటదమ్మా ప్రోటీన్. నీ చెంబు అరలీటరు అనుకో. మూడు గ్రాములు. నీకు అప్పుడు ఒక్కసారికి ఇరవై అన్న కావాలె. నిన్ను పెంచింది రాత్రి తిన్న పనీర్. జల్దీ అరుగుడు, మెల్లగ అరుగుడు తేడా నిజమే, కానీ దినమంతట్ల ఎంత తిన్నవన్నదే అన్నిటికన్న ముఖ్యం. నేను ఆయనకు థర్మామీటర్ ఇచ్చిన రోజే చెప్పిన, నీళ్ల కోసం పనీర్ ఖరాబు చేసుకోకు, మంచి పనీర్ చేసి అదే పెట్టు, సరిపోతది అని."

గిన్నె ఖాళీ చేసేదాకా ఆయన ఎందుకు లేవనిచ్చేవాడు కాదో అప్పుడు అర్థమైంది. అర్థం కానిది మిగిలినదంతా. దాబా పోగొట్టుకుని, పనీరు చెడగొట్టుకుని, మూడు గ్రాముల కోసం ఎందుకు?

"నేను గూడ గదే అడిగిన," అంది మేడం. "మూడు గ్రాములకు ఇంత పరేషాన్ ఎందుకన్న అని. 'మా బిడ్డ అండ్ల ఏం లేదన్నది మేడం, ఎంతో కొంత ఉండాలె గదా' అన్నడు."

థర్మామీటరు ఆమె తీసుకోలేదు, ఉంచుకో అంది. బయటికి వచ్చి ఆ రోడ్డు మీద ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మేడ్చల్ వైపు ఆటోలు ఆగి, పిలిచి, వెళ్లిపోయాయి.

ఇప్పుడు ఎక్కడ చూసినా జిమ్ములే, ప్రతి జిమ్ములో ఆ పొడి డబ్బాలే. మా అబ్బాయి ఒక చెంచా పొడి నీళ్లలో వేసి గిలక్కొట్టి గటగటా తాగుతాడు. అందులో ఇరవై నాలుగు గ్రాములని డబ్బా మీద రాసి ఉంటుంది, నిజంగానే ఉంటాయి. నాకు దాని మీద ఏ కోపమూ లేదు. నాకు కావలసింది వేరే. పాలవాళ్లిద్దరూ క్యాన్లు సర్దుకోకముందు, నాయిన చెయ్యి చాచిన ఆ క్షణం నాకు మళ్లీ కావాలి. చెంబు అందుకుని, ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, మూతి తుడుచుకుని చెప్పాలి, ఉన్నది నాయినా, ఇండ్ల మస్తు ఉన్నది అని.